తాగి ఉన్నప్పుడు చావు ఆలోచన ఎందుకు ప్రమాదం: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరు కొన్ని వారాలుగా బాగా దిగులుగా ఉన్నారు, పైగా తాగుతున్నారు. అలాంటి ఇంటివాళ్లు ఓపీ గది బయట, ఆసుపత్రి వరండాలో అడిగే ప్రశ్నలు ఇవి. ఇప్పుడే, ఈ రాత్రే భయంగా ఉంటే మొదటి నుంచి చదవనక్కర్లేదు. "ఆ రాత్రి ఇంటివాళ్లు ఏం చేయాలి?" అనే ప్రశ్న దగ్గరికి వెళ్లండి. ఆ మనిషి మీరే అయితే చివరి ప్రశ్న చూడండి. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ప్రాణం మీదికి వస్తే 108.

బాధ మరవడానికే కదా తాగేది? మరి ప్రమాదం ఎట్లా పెరుగుతుంది?

మొదటి అరగంట, గంట నిజంగానే తేలికగా ఉంటుంది. రక్తంలో ఆల్కహాల్ పెరుగుతున్నంత సేపు ఒళ్లు వదులవుతుంది, నోరు పెగులుతుంది, టెన్షన్ తగ్గినట్టుంటుంది. అది గుర్తుండిపోతుంది కాబట్టే మనిషి మళ్లీ వైన్స్ వైపు నడుస్తాడు. తర్వాత ఆల్కహాల్ తగ్గడం మొదలవుతుంది. అప్పుడు ఆ తేలికదనం పోతుంది, బరువు, చిరాకు, ఏడుపు వస్తాయి. ముందే దిగులుగా ఉన్న మనిషికి ఈ రెండో దశ తాగకముందు కంటే లోతుగా ఉంటుంది. అప్పటికి రాత్రి తొమ్మిదో పదో అవుతుంది. పిల్లలు పడుకుని ఉంటారు, పలకరించేవాళ్లు ఉండరు.

ఈ ప్రమాదం ఎంతో లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి 2017లో ఒక పెద్ద విశ్లేషణ అచ్చయింది. తాగిన కొన్ని గంటల్లో ఆత్మహత్యా ప్రయత్నం జరిగే అవకాశం, తాగనప్పటితో పోలిస్తే సుమారు ఏడు రెట్లు ఎక్కువని అందులో తేలింది. కొద్దిగా తాగినప్పుడు కూడా రెండున్నర రెట్లు దాటింది. బాగా తాగినప్పుడు అది ఇంకా చాలా ఎక్కువ. ఈ లెక్క రోజూ తాగే అలవాటు గురించి కాదు, తాగిన ఆ కొన్ని గంటల గురించి. ఏడాదికి రెండుసార్లు తాగే మనిషికైనా, దిగులు ముదిరిన రోజున తాగితే ఇది వర్తిస్తుంది.

తాగినప్పుడు మెదడులో ఏం మారుతుంది?

రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఆ రెండూ కలవడమే అసలు ప్రమాదం.

మొదటిది, చూపు ఇరుకవుతుంది. రాత్రి బోరు మోటరు వేయడానికి టార్చిలైటు పట్టుకుని పోతే వెలుగు పడిన చోటే కనిపిస్తుంది, చేను మొత్తం అక్కడే ఉన్నా కనిపించదు. తాగిన మనిషి ఆలోచన అలాగే పనిచేస్తుంది. ఎదురుగా ఉన్నది, ఇప్పుడు మండుతున్నది మాత్రమే కనిపిస్తుంది. స్టీల్, జోసెఫ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో దీన్ని వివరంగా రాశారు. తాగినంత మాత్రాన అందరికీ దుఃఖం రాదు. ఎదురుగా పెళ్లి బరాత్ ఉంటే ఆ సంతోషమే పెద్దదవుతుంది. ఎదురుగా అప్పులవాడి మాట ఉంటే ఆ మాటే ప్రపంచమంత అవుతుంది. వచ్చే నెల పత్తి అమ్మితే వచ్చే పైసలు, బాకీ కొంత సర్దుతానన్న బావ, బిడ్డ చదువు, ఇవన్నీ తెలిసినవే అయినా ఆ గంటలో అవి ఆలోచనలోకి రావు.

రెండోది, ఆగే శక్తి తగ్గుతుంది. నుదుటి వెనక ఉండే మెదడు ముందు భాగం "ఆగు, తర్వాత ఏమవుతుందో చూడు" అని చెప్పే పని చేస్తుంది. ఆల్కహాల్ ఆ భాగాన్ని మందగింపజేస్తుంది. మామూలుగా మనసులో చెడ్డ ఆలోచన వస్తే దానికీ చేతికీ మధ్య కాస్త సమయం ఉంటుంది. భయం వేస్తుంది, తల్లి ముఖం గుర్తొస్తుంది, పొద్దున చూద్దాంలే అనిపిస్తుంది. ఎక్కువ మందిని కాపాడేది ఆ కాస్త సమయమే. తాగినప్పుడు అది కుంచించుకుపోతుంది. పైగా నొప్పి, చావు అంటే ఉండే సహజమైన భయం కూడా మొద్దుబారుతుంది.

ఆ సమయం ఎంత చిన్నదో చెప్పే అధ్యయనం ఒకటి ఆస్ట్రియా నుంచి 2009లో వచ్చింది. ప్రయత్నం చేసి బతికినవాళ్లను అడిగితే, ఆ ఆలోచన మొదలైనప్పటి నుంచి చేతల్లోకి దిగేదాకా పది నిమిషాలు లేదా అంతకంటే తక్కువే పట్టిందని దాదాపు సగం మంది చెప్పారు. "వాడు అంత ప్లాన్ చేసుకునేవాడు కాదు" అని చుట్టాలు అంటుంటారు. నిజమే, చాలామంది ప్లాన్ చేసుకోరు.

ఒక్క క్వార్టరే తాగాడు, నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. అయినా ప్రమాదమేనా?

అవును. నడక చూసి అంచనా వేయడం పెద్ద పొరపాటు. రోజూ తాగేవాళ్ల కాళ్లు, నాలుక అలవాటు పడిపోతాయి, తూలరు. నిర్ణయం తీసుకునే శక్తి మాత్రం అంతగా అలవాటు పడదు. తూలకుండా నడిచే మనిషి తలలో ఎంత చీకటి ఉందో బయటికి కనిపించదు.

సమయం లెక్క కూడా తెలిసి ఉండాలి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో, 42.8 శాతం లిక్కర్ అయితే, సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. సాధారణ మనిషి కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములే కరిగించగలదు. అంటే ఒక్క క్వార్టర్ పూర్తిగా దిగడానికి ఎనిమిది గంటల దాకా పడుతుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాకు సుమారు అయిదు గంటలు. చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మరసం, స్ట్రాంగ్ టీ, ఇవేవీ ఆ వేగాన్ని పెంచవు. టీ తాగితే మెలకువగా ఉన్న తాగిన మనిషి అవుతాడు, అంతే.

ఒక రాత్రి ఎలా గడుస్తుందో ఉదాహరణతో చెప్పగలరా?

దేవరకొండ వైపు ఒక కౌలు రైతు అనుకోండి. వయసు 36. ఇద్దరు ముగ్గురి అనుభవాలు కలిపి, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాం.

నాలుగెకరాల పత్తి, ఎండిపోయిన రెండు బోర్లు, బయట మిత్తికి తెచ్చిన అప్పు. రెండు నెలలుగా తెల్లవారుజాము మూడింటికే మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. అన్నం సగానికి తగ్గింది. తెలిసిన నంబర్ల నుంచి ఫోన్ వచ్చినా ఎత్తడు. పండుగకు అత్తగారింటికి పోలేదు. ఇవి దిగులు జబ్బు లక్షణాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, "తాగుడు ఎక్కువైంది" అనే అనుకున్నారు. నిజానికి తాగుడూ దిగులూ రెండూ పెరుగుతున్నాయి, ఒకదాన్ని ఒకటి తోస్తున్నాయి.

ఆ సాయంత్రం చౌరస్తాలో ఎరువుల షాపు ఆయన నలుగురి ముందు పాత బాకీ అడిగాడు. తిట్టలేదు, అడిగాడంతే. ఆరున్నరకు బెల్టు షాపు దగ్గర కూర్చుని, ఎనిమిదింపావుకల్లా క్వార్టరున్నర తాగాడు. ఏమీ తినలేదు, కాబట్టి త్వరగా ఎక్కింది. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాడు. భార్య "మళ్లా తాగొచ్చినవా, బిడ్డ ఫీజు ఎట్ల కడ్తవ్" అంది. ఆమె రోజూ అనే మాటే అది. ఆ రోజు మాత్రం చౌరస్తా అవమానం మీద పడింది. "నేను లేకుంటనే మీకు మంచిగుంటది" అని చెప్పి, మోటరు గది వైపు బయల్దేరాడు. చేనుకు కొట్టే మందు డబ్బాలు ఉండేది అక్కడే.

ఇక్కడ ఆ ఇల్లాలు చేసిన పని చూడండి. వెంటబడి అరవలేదు. పక్క ఇంట్లో ఉన్న మరిదికి చెప్పింది. అతను చెప్పులు వేసుకుని వెళ్లి అన్న పక్కన నడిచాడు. అప్పు మాట ఎత్తలేదు, తాగుడు మాట ఎత్తలేదు. "తాళం చెవి ఇయ్యన్నా, పొద్దున మోటరు నేనేస్త" అన్నాడు. అన్న ఇచ్చేశాడు. గట్టు మీద కూర్చున్నారు. అన్న ఏడుస్తుంటే తమ్ముడు పక్కనే ఉన్నాడు. పదింటికి ఇంటికి తెచ్చారు, రెండు ముద్దలు తిన్నాడు, పదకొండున్నరకు నిద్రపోయాడు. తమ్ముడు అదే అరుగు మీద మంచం వేసుకున్నాడు.

లెక్క వేస్తే ఆ రాత్రి అతని ఒంట్లో 90 గ్రాముల దాకా ఆల్కహాల్ ఉంది. అది దిగేసరికి పొద్దున ఏడవుతుంది. పొద్దున అడిగితే చౌరస్తా గుర్తుంది, గట్టు మీద ఏడ్చింది సగమే గుర్తుంది. "నాకు సావాలని లేదు. రాత్రి మాత్రం అదొక్కటే కనవడ్డది" అన్నాడు. అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు. మారిందల్లా ఆల్కహాల్ దిగడం, మధ్యలో తాళం చెవి తమ్ముడి జేబులో ఉండడం. తర్వాత అతనికి డిప్రెషన్‌కు మందులు మొదలయ్యాయి, తాగుడుకు వేరే చికిత్స జరిగింది. అది నెలల పని. ఆ రాత్రి పని మూడు గంటలదే.

తాగి అన్న మాటలే కదా, పొద్దున మర్చిపోతాడు. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. అతను మర్చిపోవడం మంచి గుర్తు కాదు. బాగా తాగినప్పుడు మెదడు జ్ఞాపకాలను రాసుకోవడం ఆపేస్తుంది. కాబట్టి రాత్రి ఎంత దగ్గరికి వెళ్లాడో అతనికే తెలియదు, దాని నుంచి భయమూ నేర్చుకోడు. వచ్చే శనివారం మళ్లీ అదే చోటు నుంచి మొదలవుతుంది.

"బెదిరిస్తున్నాడు", "డ్రామా" అనే మాటలు ఇళ్లలో ఎక్కువగా వింటాం. పదిసార్లు అని ఏమీ చేయని మనిషి పదకొండోసారి కూడా ఏమీ చేయడని అనుకోవడానికి ఆధారం లేదు. ముందు ఒకసారి ప్రయత్నించి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. నిజంగా బెదిరింపే అయినా, తాగి ఉన్నప్పుడు బెదిరింపు దాటి చేతల్లోకి పోవడానికి ఒక్క మాట చాలు.

తాగి ఉన్నప్పుడు "చావాలనిపిస్తోందా" అని అడిగితే, లేని ఆలోచన పెట్టినట్టు కాదా?

కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, పెరగదు. ఇది పరిశోధనల్లో పదే పదే తేలిన విషయం. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకున్నట్టు మాట్లాడతారు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. "పిచ్చి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా" అంటే లేవనే చెబుతారు. పక్కన కూర్చుని నేరుగా, "గిట్ల బతికేకంటే పోతే మంచిగుండు అనిపిస్తుందా అన్నా?" అని అడగండి. ఔనంటే రెండో ప్రశ్న, "ఇయ్యాల ఏమన్న చేసుకోవాలని అనుకున్నవా?" జవాబు ఏదైనా ఉలిక్కిపడకండి, ఒట్లు వేయించుకోకండి. తాగిన మనిషి వేసిన ఒట్టు మనకు ధైర్యం ఇస్తుందే తప్ప అతన్ని ఆపదు.

తాగి "లేదు" అన్నాడని నిశ్చింతగా ఉండకూడదు. అదే ప్రశ్న పొద్దున నిషా దిగాక మళ్లీ అడగాలి.

ఆ రాత్రి ఇంటివాళ్లు ఏం చేయాలి?

ఒంటరిగా వదలకండి. అదే మొదటిది, మిగతావన్నీ దాని తర్వాతే. బాత్రూముకు పోయినా గొళ్లెం పెట్టుకోకుండా చూడండి. అతను కోపగించుకునే మనిషి ఇంట్లో ఉంటే ఆ మనిషి పక్కకు తప్పుకుని, అతను మాట వినే మనిషిని పిలవడం తెలివైన పని. తమ్ముడు కావచ్చు, బావమరిది కావచ్చు, చిన్నప్పటి దోస్తు కావచ్చు. గుంపు వద్దు. పదిమంది చుట్టూ చేరితే అవమానం రెట్టింపవుతుంది.

రెండోది, హాని చేసుకోవడానికి పనికొచ్చే వస్తువులను అతనికీ మీకూ గొడవ కాకుండా దూరం చేయండి. పురుగుమందులు, ఇంట్లో ఉన్న ట్యాబ్లెట్లు, పదునైనవి, బండి తాళం, పొలం గది తాళం. "ఎందుకు తీస్తున్నావు" అంటే ఏదో ఒక మామూలు కారణం చెప్పొచ్చు. చీకట్లో బావి వైపు, చెరువు వైపు, రోడ్డు వైపు పోనివ్వకండి.

మూడోది, వాదించకండి. ఇరుకైన చూపుకు లెక్కలు చెప్పి ప్రయోజనం లేదు. "పిల్లల ముఖం చూడు" అనే మాట మంచి మనసుతోనే అంటాం, కానీ దిగులు మనిషికి అది "నేను వాళ్లకు భారం" అని వినిపించవచ్చు. ఆ పూట అప్పు మాట, తాగుడు మాట, పరువు మాట పక్కన పెట్టండి. "నేనున్న, పొద్దున మాట్లాడుదాం" చాలు. ఇంకో పెగ్గు ఇచ్చి నిద్రపుచ్చుదామనే ఆలోచన వద్దు. నిద్రమాత్రలు అసలే వద్దు, రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

పడుకుంటే వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా. పిలిస్తే, గిల్లితే లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదిగా లేదా ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. చేతిలో ప్రమాదకర వస్తువు ఉండి మీ వల్ల కాకపోతే 112.

ఏదైనా మింగి ఉంటాడని అనుమానం వస్తే?

అనుమానం చాలు, రుజువు కోసం ఆగకండి. "తాగి పడుకున్నాడులే" అని వదిలేసి, పొద్దునకు చేయి దాటిన సంఘటనలు మా ప్రాంతంలో ఎన్నో. నిషా మత్తు, విషం మత్తు చూడటానికి ఒకేలా ఉంటాయి. లిక్కర్ వాసన ఇంకో వాసనను కప్పేస్తుంది. ఎక్కువ చెమట, నోట్లో నురగ లేదా విపరీతంగా ఉమ్మి, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం వద్దు.

ఉప్పునీళ్లు, పేడనీళ్లు, గుడ్డు సొన తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. మత్తులో ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు పడిన బట్టలు తీసేసి ఒళ్లు కడగండి, మీ చేతులు కాపాడుకోండి. దొరికిన డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్లండి, డాక్టరుకు ఆ లేబుల్ ముఖ్యం. కొన్ని విషాలు మొదటి రోజు ఏమీ కానట్టు ఉండి తర్వాత తిరగబడతాయి. "ఇప్పుడు మంచిగనే ఉన్నడు" అని ఇంటికి తెచ్చుకోకండి.

పురుగుమందులు ఇంట్లో పెట్టుకోక తప్పదు. ఏం చేయాలి?

మనసు మార్చడం కష్టం, దూరం పెంచడం తేలిక. ఆ పది నిమిషాలు దాటించేది దూరమే. శ్రీలంకలో 1990ల మధ్య నుంచి అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. మనుషుల కష్టాలు అంత తగ్గాయని కాదు, ఆ క్షణంలో చేతికి అందేది మారింది.

తాళం పెట్టె కొనిస్తే సరిపోతుందా అంటే, అదే శ్రీలంక పల్లెల్లో ఇళ్లకు తాళం పెట్టెలు ఇచ్చి చేసిన పెద్ద పరీక్షలో ఆశించిన లాభం కనబడలేదు. తాళం చెవి అదే మనిషి మొలతాడుకు ఉంటే పెట్టె ఉండి ఏం లాభం? అందుకని మేం చెప్పేది వేరు. దిగులుగా ఉన్న మనిషి ఇంట్లో, అతని పొలం గదిలో మందులు అసలు ఉండొద్దు. పిచికారీ రోజుకు ఎంత కావాలో అంతే తెచ్చుకోవాలి. మిగిలింది అన్నదమ్ముల ఇంట్లోనో, ఇచ్చిన షాపులోనో పెట్టాలి. కొన్ని నెలలు పిచికారీ పని వేరేవాళ్లకు అప్పగించినా తప్పు లేదు.

మా వాడు లిక్కర్ ముట్టడు, కల్లు మాత్రమే. అది మంచిదే కదా?

చెట్టు నుంచి దించిన అసలు కల్లులో ఆల్కహాల్ తక్కువ. కానీ మన దగ్గర దుకాణాల్లో అమ్మే కల్లులో కొన్నిచోట్ల అల్ప్రాజోలం, డైజీపామ్ వంటి నిద్రమందులు, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారన్నది ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. సీసాలో ఎంత పడిందో అమ్మేవాడికే తెలియదు. ఈ మందులు కూడా ఆగే శక్తిని తీసేస్తాయి, జ్ఞాపకాన్ని చెరిపేస్తాయి. కొందరిలో నిద్రకు బదులు ఎదురుతిరిగి కోపం, ఏడుపు తెస్తాయి. ఆల్కహాల్‌తో కలిస్తే ఒకదానికొకటి తోడవుతాయి.

కల్తీ కల్లుకు ఇంకో వైపు ఉంది, అది ఎక్కువమందికి తెలియదు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు అది ఒక్కసారిగా దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, వింతగా ప్రవర్తించడం, ఫిట్స్ మొదలవుతాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఆ కల్లు ఆగినప్పుడు పాలమూరుతో పాటు తెలంగాణలో పలుచోట్ల జనం ఇలాగే ఆసుపత్రులకు వచ్చారు. ఆ అలజడిలో కూడా మనిషి తనకు తాను హాని చేసుకోవచ్చు. అంటే తాగిన గంటలే కాదు, మానిన మొదటి రోజులూ కాపలా కాయాల్సినవే.

అయితే ఒక్క దెబ్బకు మానిపిస్తే?

రోజూ ఎక్కువగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మానిపించకండి, మాలలు వేయించి ఒట్టు పెట్టించీ కాదు. మానిన 6 గంటల నుంచి వణుకు, చెమట మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పే స్థితి రావచ్చు, అది ప్రాణాంతకం. డాక్టరు దగ్గర మందులతో, విటమిన్ బీ1తో మానిపిస్తే ఇవన్నీ అదుపులో ఉంటాయి. ఊర్లో ఎవరో ఇచ్చే, కూరలో కలిపే పొడులు అసలే వద్దు.

"ముందు తాగుడు మానితే దిగులు అదే పోతుంది" అనేది సగం నిజం. మానిన రెండు మూడు వారాల్లో కొందరికి మనసు తేలికపడుతుంది. మిగిలినవాళ్లకు దిగులు అలాగే ఉంటుంది, దానికి వేరుగా చికిత్స కావాలి. చావు మాట ఒక్కసారి వచ్చిందంటే ఆ వారాలు ఆగి చూడటం కుదరదు, రెండింటినీ కలిపే మొదలుపెట్టాలి. డిప్రెషన్ మందులు పని చూపడానికి కూడా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ మధ్య కాలంలో ఇంటివాళ్ల కాపలానే మందు.

తెల్లారాక ఏం చేయాలి?

పొద్దున ప్రమాదం పోయిందనుకుంటాం. ఒంట్లో నీరసం, గుండెదడ, రాత్రి ఏం చేశానో అన్న సిగ్గు కలిసి ఇంకో చీకటి గంట వస్తుంది. అప్పుడు ఊరందరికీ చెప్పడం, పంచాయితీ పెట్టడం చేస్తే దాన్ని మనమే పెంచినవాళ్లమవుతాం. టిఫిన్ పెట్టి, ఇద్దరే కూర్చుని, రాత్రి ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "నువ్విట్ల అన్నవు, నాకు భయమైంది, ఇయ్యాల డాక్టరు దగ్గరికి పోదాం."

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, ప్రతి పనికీ ఎర్రగడ్డ దాకా పోనక్కర్లేదు. ఓపీలో డాక్టరుకు తాగుడు సంగతి దాచకండి, రాత్రి అన్న మాట కూడా దాచకండి. "నిద్ర పడ్తలేదు సార్" అని మాత్రమే చెబితే నెల రోజుల నిద్రమాత్రల చీటీతో ఇంటికి వస్తారు, అవి ఇంట్లో పెట్టుకోవడం మరో ప్రమాదం. ఏ మాత్రలైనా వారానికి సరిపడా తీసుకుని, ఇంకొకరి దగ్గర ఉంచండి.

ఆసుపత్రికి పోతే పోలీసు కేసు అవుతుందా?

విషం కేసుల్లో ఆసుపత్రి వాళ్లు పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ వివరాలు రాస్తారు, అది మామూలు పద్ధతి. శిక్ష పడుతుందనే భయంతో ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్‌ను చేర్చలేదు.

ఆడవాళ్లకు కూడా ఇది వర్తిస్తుందా?

తాగే ఆడవాళ్లకు అంతే వర్తిస్తుంది. పల్లెల్లో కల్లు తాగే ఆడవాళ్లు తక్కువేమీ కాదు, వాళ్ల సంగతి ఎవరూ అడగరు. తాగని ఇల్లాలు కూడా ఇందులో ఉంది. భర్త తాగి గొడవ చేసిన రాత్రి ఆమెకూ చావాలనిపించవచ్చు. అతని కాపలాలో ఉన్న చుట్టాలు ఆమెను ఒక్క మాట అడగాలి.

ఆ మనిషి నేనే అయితే? ఇప్పుడు తాగి ఉన్నాను, చావాలనిపిస్తోంది.

ఈ రాత్రి ఏదీ తేల్చకండి. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది మొత్తం కాదు, నిషా చూపిస్తున్న ముక్క. ఇంకో గుక్క తాగకండి. మందులు, పదునైనవి ఉన్న గదిలోంచి లేచి మనుషులున్న చోటికి రండి, అరుగు మీదికైనా సరే. తాళాలు ఎవరి చేతిలోనైనా పెట్టండి. ఒక్కరికి ఫోన్ చేసి "నాకు మంచిగ లేదు, జర వచ్చి కూసో" అనండి, కారణం చెప్పనక్కర్లేదు.

ఎవరూ లేకపోతే 14416. రాత్రి ఎన్నింటికైనా ఎత్తుతారు, పైసలు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. తాగి ఉన్నానని చెప్పండి. మాట తడబడినా, ఏడుపు వచ్చినా, మధ్యలో లైను కట్ అయినా మళ్లీ చేయండి. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే ముందు 108కి చేసి, ఇంట్లో నిద్రపోతున్న వాళ్లను లేపండి.